అర్ధరాత్రి ఖాళీ వాయిస్ మెసేజ్: తిరిగి ఫోన్ చేయాలా?

ప్రశ్న: అన్నా, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు ఇత్తడి సామాన్ల షాపు ఉంది. నిన్న రాత్రి 12:40కి షాపు వాట్సాప్ నంబర్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. 9 సెకన్లు ఉంది. ఎన్నిసార్లు విన్నా అందులో ఏమీ లేదు. నంబర్ +1తో మొదలవుతుంది. ఫోటో లేదు, పేరు లేదు. మాకు అమెరికాలో కొందరు కస్టమర్లు ఉన్నారు, మంచి ఆర్డర్ పోతుందేమోనని ఉంది. తిరిగి ఫోన్ చేస్తే వేలకు వేలు కట్ అవుతాయని మా తమ్ముడు భయపెడుతున్నాడు. చేయాలా, వద్దా?

జవాబు:

ఫోన్ చేయకండి, టెక్స్ట్ పెట్టండి. అది కూడా ఇప్పుడే కాదు, పొద్దున షాపు తెరిచాక పెట్టినా చాలు. ఏం రాయాలో కింద చెబుతాను, ఎందుకంటే ఆ ఒక్క లైను ఎలా రాస్తారన్న దాని మీదే మిగతాదంతా ఉంటుంది. నేను చాలా ఏళ్లు టెలికాం బిల్లింగ్‌లో పనిచేసి, ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాను. ఇలాంటి మెసేజ్‌లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లలో షాపులవాళ్లే ఎక్కువ. తెలియని నంబర్‌ని పట్టించుకోకపోతే బేరం పోతుందని వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే.

ముందు ఆ మెసేజ్ నిజంగా ఖాళీదేనా అన్నది తేల్చుకోండి. చాట్‌లో వాయిస్ మెసేజ్ మీద చిన్న చిన్న నిలువు గీతలు వరసగా కనిపిస్తాయి కదా, అవి ఊరికే అలంకారానికి పెట్టినవి కావు. శబ్దం ఉన్నచోట గీత లేస్తుంది, లేనిచోట చుక్కలా ఉండిపోతుంది. మీకు వచ్చిన 9 సెకన్లలో గీతలు లేచి ఉన్నాయంటే అవతలివాళ్లు మాట్లాడారన్నమాట, మీకే వినబడలేదు. ఇది మనం అనుకునేదానికంటే ఎక్కువగా జరుగుతుంది. ఫోన్ షాపులోని బ్లూటూత్ స్పీకర్‌కి కనెక్ట్ అయి ఉంటుంది, ఆ స్పీకర్ ఏ మూలనో ఉంటుంది. లేదా స్క్రీన్ గార్డ్ పైభాగం మురికి పట్టి సెన్సర్‌ని కప్పేస్తుంది. అప్పుడు ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకున్నారనుకుని, వాట్సాప్ శబ్దాన్ని పెద్ద స్పీకర్లో కాకుండా చెవి దగ్గరి చిన్న స్పీకర్లో వినిపిస్తుంది. ప్లే నొక్కగానే స్క్రీన్ నల్లబడిందంటే కారణం ఇదే. బ్లూటూత్ ఆపి, గార్డ్ తుడిచి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి వినండి.

గీతలన్నీ చుక్కలుగానే ఉంటే అవతలి ఫోన్ మైక్ ఆగిపోయి ఉందన్నమాట. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో పైనుంచి కిందికి లాగితే మైక్‌ని మొత్తంగా ఆపేసే బటన్ ఒకటి ఉంటుంది. అది పొరపాటున నొక్కుకుపోతే నిశ్శబ్దమే రికార్డ్ అవుతుంది. అక్కడక్కడా చిన్న గీతలు ఉండి, చెవిలో గరగరమంటే జేబులోనో హ్యాండ్‌బ్యాగ్‌లోనో నొక్కుకున్నది. ఈ రెండూ అమాయకమైన కారణాలే. కానీ మోసం చేసేవాడు కావాలని పంపిన ఖాళీ మెసేజ్ కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. కాబట్టి గీతలు చూసి మనిషి మంచిచెడులు తేల్చలేం. వినాల్సింది మిస్ అయ్యామా లేదా అన్నది మాత్రం తేలుతుంది.

ఇక టైము సంగతి. అర్ధరాత్రి వచ్చిందని కంగారు పడనక్కర్లేదు. మనకు 12:40 అయినప్పుడు న్యూజెర్సీలో మధ్యాహ్నం రెండో మూడో అవుతుంది, కాలిఫోర్నియాలో ఇంచుమించు మిట్టమధ్యాహ్నం. లంచ్ టైములో అమ్మవారి విగ్రహం గురించి అడగబోయిన మనిషి అయినా అయి ఉండొచ్చు.

కానీ +1 ఉంది కాబట్టి అమెరికానే అనుకోకండి. ఆ కోడ్‌ని అమెరికాతో పాటు కెనడా, కరీబియన్ సముద్రంలోని చాలా చిన్న దేశాలు పంచుకుంటాయి. తేడా తెలిసేది తర్వాతి మూడు అంకెల్లో. 732, 908 అయితే న్యూజెర్సీ. 408 అయితే శాన్ హోసే వైపు, 469, 972 అయితే డాలస్ వైపు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోట్లు ఇవి. అదే 876 అయితే జమైకా, 473 అయితే గ్రెనడా, 809, 829, 849 అయితే డొమినికన్ రిపబ్లిక్. మీ దగ్గర కుందులు కొన్నవాళ్లు గ్రెనడాలో స్థిరపడి ఉంటే సంతోషమే గానీ, ఆ అవకాశం తక్కువ.

మీ తమ్ముడు చెప్పిన భయం ఈ రెండో రకం నంబర్ల నుంచి పుట్టిందే. దీన్ని టెలికాంలో వాన్‌గిరి అంటారు. సంగతేమిటంటే, మీరు మామూలు ఫోన్ నుంచి విదేశానికి కాల్ చేస్తే మన కంపెనీ ఆ కాల్‌ని అక్కడికి చేర్చే కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టాలి. కొన్ని దేశాల నంబర్లకు ఈ రేటు బాగా ఎక్కువ. అలాంటి నంబర్లు చేతిలో పెట్టుకున్నవాడు వచ్చే కాల్స్ మీద వాటా మాట్లాడుకుని, మనల్ని ఎలాగోలా అక్కడికి ఫోన్ చేయించాలని చూస్తాడు. ఒక రింగ్ ఇచ్చి కట్ చేయడం పాత పద్ధతి. మనం తిరిగి చేస్తే పాటో, రికార్డ్ చేసిన రింగ్ శబ్దమో వినిపిస్తూ లైన్ మీద నిలబెడతాడు. ఇంకా రింగ్ అవుతోందని మనం ఎదురుచూస్తుంటాం, మీటర్ మాత్రం తిరుగుతూ ఉంటుంది.

అయితే ఇది సిమ్ ద్వారా వెళ్లే ఐఎస్‌డీ కాల్‌కి వర్తిస్తుంది. వాట్సాప్‌లోని ఫోన్ గుర్తు నొక్కితే కాల్ ఇంటర్నెట్ మీద వెళుతుంది, దానికి అయ్యేది డేటానే. మీ తమ్ముడు చెప్పినట్టు వేలకు వేలు అక్కడ కట్ కావు. సమస్య ఎక్కడొస్తుందంటే, ఆ నంబర్‌ని కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకుని, రేపెప్పుడో ఫోన్‌బుక్ నుంచి మామూలు కాల్ నొక్కేస్తారు. షాపులో పనిచేసే పిల్లవాడు ల్యాండ్‌లైన్ నుంచి కొట్టినా అంతే. ప్రీపెయిడ్ అన్‌లిమిటెడ్ ప్లాన్లలో మామూలుగా ఐఎస్‌డీ ఉండదు. మెయిన్ బ్యాలెన్స్ లేకపోతే అసలు కాల్ కలవదు. జాగ్రత్త పడాల్సింది ఐఎస్‌డీ ఆన్‌లో ఉన్న పోస్ట్‌పెయిడ్ నంబర్, షాపు ల్యాండ్‌లైన్. విదేశీ కస్టమర్లతో మీరు మాట్లాడేదంతా వాట్సాప్‌లోనే అయితే, కస్టమర్ కేర్‌కి చెప్పి ఐఎస్‌డీ తీసేయించుకోండి. ఆ గొడవ అక్కడితో తీరిపోతుంది.

కాల్ ఛార్జీ భయం పోయాక కూడా నేను ఫోన్ వద్దంటున్నానంటే వేరే కారణం ఉంది. ఖాళీ మెసేజ్ పంపేవాడికి ఈరోజుల్లో కావలసింది మీ బ్యాలెన్స్ కాదు. మీ చేత మొదటి మాట అనిపించాలి.

చిత్తూరులో నాకు తెలిసిన స్టీలు సామాన్ల షాపాయన ఒకరున్నారు. ఆయనకూ ఇలాగే ఒక రాత్రి కొత్త నంబర్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, లోపల ఏమీ లేదు. నంబర్ కువైట్‌ది. ఈయన అక్క కొడుకు కువైట్‌లోనే పనిచేస్తున్నాడు. పొద్దున లేవగానే ఈయన ఏం రాశారంటే, "ఏం నాయనా, నంబర్ మార్చినావా? మీ అమ్మకు చెప్పినావా?" అని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "అవును మామా, కొత్త సిమ్. ఫోన్ మైక్ పాడైంది, మాట పోవడం లేదు. మెసేజ్ పెట్టండి."

ఇక్కడ కాసేపు ఆగి ఆ జవాబు మళ్లీ చదవండి. మామ అన్న వరస వాడికి ఎవరు చెప్పారు? ఈయనే చెప్పారు, "మీ అమ్మకు" అన్న మాటలో. ముందురాత్రి వచ్చిన ఖాళీ మెసేజ్ ఇప్పుడు సాక్ష్యంగా మారింది. మైక్ పాడైందని వాడు చెప్పక ముందే ఈయన చెవులతో విన్నారు కాబట్టి అనుమానం రాలేదు. ఇక గొంతు వినిపించాల్సిన అవసరం వాడికి లేదు. అలాంటి ఖాళీ మెసేజ్ వల్ల మోసగాడికి అసలు లాభం ఇదే.

మూడో రోజు అసలు పని మొదలైంది. "మామా, అమ్మకు ఇవ్వమని మీ అకౌంట్‌కి 85 వేలు వేశాను" అంటూ డబ్బు పంపినట్టు ఒక రసీదు ఫోటో వచ్చింది. ఎక్స్ఛేంజ్ ముద్ర, ఈయన పేరు, అకౌంట్ నంబర్ అన్నీ ఉన్నాయి. అకౌంట్ నంబర్ అంతకుముందు రోజు ఈయనే ఇచ్చారు. డబ్బు చేరడానికి ఒకరోజు పడుతుందట. ఆ సాయంత్రం ఇంకో మెసేజ్: "వీసా ఏజెంట్ తొందర పెడుతున్నాడు, కట్టకపోతే పని పోతుంది. రేపు ఎలాగూ 85 వేలు వస్తాయి కదా, అందులోంచి 30 వేలు ఈ నంబర్‌కి ఫోన్‌పే చేయండి." మెసేజ్ వెనక మెసేజ్, నిమిషం తీరిక ఇవ్వలేదు.

ఈయన డబ్బు వేయడానికి ఫోన్ తీశారు. భార్య అడ్డుపడి, "పాత నంబర్‌కి ఒకసారి కొట్టి చూడండి" అంది. కొడితే అక్క కొడుకు ఎత్తాడు. డ్యూటీలో ఉన్నాడు, సిమ్ మారలేదు, మైక్ బాగానే ఉంది. కథ అక్కడితో అయిపోయింది. ఎత్తకపోయి ఉంటే 30 వేలు పోయేవి.

ఇందులో మీకు పనికొచ్చేది ఏమిటంటే, పేరు గానీ వరస గానీ ఊరు గానీ మీరు అందించకండి. "న్యూజెర్సీ సారేనా?" అని అడిగితే ఎవడైనా "అవును" అంటాడు. మీరు పెట్టాల్సిన మెసేజ్ ఇంతే:

"నమస్కారం. మీ వాయిస్ మెసేజ్‌లో మాట వినబడలేదు. మీ పేరు, ఏం కావాలో టెక్స్ట్‌లో రాయండి. ఇంతకుముందు మా దగ్గర కొని ఉంటే ఏం తీసుకున్నారో చెప్పండి."

తెలుగులో ఒకసారి, కింద ఇంగ్లీషులో ఒకసారి పెట్టండి. తిరుపతి షాపుకు తమిళం, కన్నడం వాళ్లూ రాస్తారు కాబట్టి ఇంగ్లీషు ఉంటే మంచిది. నిజమైన కస్టమర్ అయితే "పోయిన శ్రావణంలో రెండడుగుల కుందులు రెండు తీసుకున్నాం, అలాంటివే మా చెల్లికి కావాలి" అని ఏదో ఒక ఆనవాలు ఇస్తారు. మీ బిల్లు పుస్తకంలో అది దొరుకుతుంది. కొత్త కస్టమర్ అయితే వస్తువు గురించి అడుగుతారు: ఎత్తు ఎంత, బరువు ఎంత, కొరియర్‌కి ఎంతవుతుంది. వస్తువు ఊసే లేకుండా డబ్బు గురించి, మీ కుటుంబం గురించి మాట్లాడేవాడు కస్టమర్ కాడు. రెండు రోజులు చూసినా జవాబు రాకపోతే వదిలేయండి. జేబులో నొక్కుకున్న మెసేజ్‌కి జవాబు రాకపోవడం మామూలే.

టెక్స్ట్ పెడితే నా నంబర్ వాడకంలో ఉందని వాడికి తెలిసిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. అది ఇప్పటికే తెలిసిపోయింది. మీరు వాయిస్ మెసేజ్ ప్లే చేయగానే పంపినవాడి స్క్రీన్ మీద మైక్ గుర్తు నీలం రంగులోకి మారుతుంది. సెట్టింగ్స్‌లో బ్లూ టిక్స్ ఆపేసి ఉన్నా వాయిస్ మెసేజ్‌కి మాత్రం ఇది ఆగదు. పైగా మీది షాపు నంబర్, బోర్డు మీదే రాసి ఉంటుంది. దాచుకోవడానికి ఏమీ లేదు.

ఆర్డర్ పేరుతో వచ్చేవాడి సంగతి కూడా చెప్పాలి. గృహప్రవేశానికి 50 దీపాలు కావాలంటాడు, బేరం ఆడడు, అడ్వాన్స్ ఇప్పుడే వేస్తానంటాడు. తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, డబ్బు రావాలంటే స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మీ అకౌంట్ నుంచి బయటికి పోతోందని అర్థం. స్క్రీన్‌షాట్ పంపి "వేశాను చూడండి" అన్నా, మీ బ్యాంక్ అకౌంట్‌లో జమ కనిపించేదాకా సరుకు కదలనీయకండి.

ఖాళీ మెసేజ్ తర్వాత ఫైల్ పంపేవాళ్లూ ఉన్నారు. "వాయిస్ వినబడలేదా, ఇది ఓపెన్ చేయండి" అంటారు. మీకు వచ్చినట్టు గీతలు, ప్లే గుర్తుతో ఉన్న వాయిస్ మెసేజ్‌ని విన్నంత మాత్రాన ఫోన్‌లో ఏ యాప్ ఎక్కదు. కానీ డాక్యుమెంట్‌లా వచ్చి, పేరు చివర `.apk` అని ఉంటే అది వాయిస్ కాదు, ఇన్‌స్టాల్ అయ్యే యాప్. దాన్ని నొక్కి, వరసగా అడిగే పర్మిషన్లకు ఒప్పుకుంటే మీ ఎస్ఎంఎస్‌లు, అంటే ఓటీపీలు, వాడికి చేరతాయి. అదే నంబర్ నుంచి రాత్రిపూట వీడియో కాల్ వస్తే ఎత్తకండి. ఎత్తగానే అవతల అసభ్యమైన వీడియో పెట్టి, దానితో పాటు మీ మొహం రికార్డ్ చేసి, పరువు తీస్తామని బెదిరించే ముఠాలు ఉన్నాయి.

మీ ఇంటివాళ్లు ఎవరైనా అమెరికాలో ఉండి, ఆపదలో ఉన్నారేమోనన్న టెన్షన్ ఉంటే ఈ కొత్త నంబర్‌ని ముట్టుకోకండి. వాళ్ల పాత నంబర్‌కి, అది ఎత్తకపోతే వాళ్లతో ఉండే ఇంకొకరికి ఫోన్ చేయండి. దీనికి పొద్దున దాకా ఆగనక్కర్లేదు, వాళ్లకు అది పగలే.

జవాబులో డబ్బు ప్రస్తావనో, ఫైలో వస్తే ముందు చాట్ స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాత వాట్సాప్‌లో రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. రిపోర్ట్ చేస్తే ఆ నంబర్ పంపిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కి వెళతాయి. ఇంకా డబ్బు పోకపోతే sancharsaathi.gov.in లోని చక్షు విభాగంలో ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బు పోతే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో అకౌంట్‌కి మారక ముందే ఆపించగలిగితేనే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. అందుకే ముందు ఫోన్ చేసి, ఆ తర్వాత cybercrime.gov.in లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి.

చివరగా, మీరు మామూలు వాట్సాప్ వాడుతుంటే షాపు నంబర్‌ని వాట్సాప్ బిజినెస్‌కి మార్చుకోండి. అది ఉచితమే, పాత చాట్లు కూడా వస్తాయి. అందులో షాపు వేళలు పెట్టి, మూసి ఉన్నప్పుడు తనంతట తానే వెళ్లే Away Message అనే ఆటోమేటిక్ జవాబుని ఆన్ చేయండి. పైన నేను రాసిచ్చిన లైన్లలో కొంచెం మార్చి, "షాపు ఉదయం 9కి తెరుస్తాం, ఏం కావాలో టెక్స్ట్‌లో రాసి పెట్టండి, వాయిస్ మెసేజ్‌లు వినడం ఆలస్యం కావచ్చు" అని పెడితే సరిపోతుంది. రాత్రి 12:40కి ఎవరు రాసినా జవాబు అప్పుడే వెళ్లిపోతుంది. నిజంగా విగ్రహం కావలసినవాళ్లు ఎత్తూ బరువూ రాసి పెట్టి నిద్రపోతారు, మీరూ నిద్రపోవచ్చు.